మిద్దె మీద సోలార్: ఐసోలేటర్, ఫ్యూజు, బ్రేకర్ ఏది ఎక్కడ ఉండాలి

పోయిన రోహిణి కార్తెలో ఒంగోలులో మా బావ వాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఇన్వర్టర్ పక్కనున్న డీసీ డబ్బా తెరిచి చూశాను. మూడు కిలోవాట్ల సిస్టమ్, ఆరు ప్యానెళ్లు, అన్నీ ఒకే వరుస. డబ్బాలో ప్లస్ వైరుకొక ఫ్యూజు, మైనస్ వైరుకొక ఫ్యూజు, వాటి కింద ఇంట్లో లైట్లకు వాడే మామూలు ఏసీ ఎంసీబీ ఒకటి. ఫ్యూజు హోల్డర్ ఒక పక్క గోధుమ రంగుకి తిరిగింది.

"ఫ్యూజు ఉంది గదా, ఇంకేంది భయం?" అన్నాడు బావ.

"ఆ ఫ్యూజు ఈ జన్మకి ఎగరదు బావా. ఆ ఎంసీబీని మాత్రం మధ్యాహ్నం పూట ఆపబాక" అన్నాను.

ఆయనకు చెప్పిందే ఇక్కడ వరసగా రాస్తున్నాను. మీ మిద్దె మీద సోలార్ పెట్టించుకుంటున్నా, ఇప్పటికే పెట్టించుకున్నా, ప్యానెళ్ల దగ్గర మొదలుపెట్టి మీటరు దాకా నడుస్తూ ఒక్కో చోట ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ తేడా వస్తే కరెంటు ఎటు నుంచి వస్తుంది, ఎంత వస్తుంది? ఏది ఎక్కడ పెట్టాలో ఆ జవాబులోనే ఉంటుంది.

ముందు ప్యానెల్ వెనక లేబుల్ చదవండి

ప్యానెళ్లు బిగించేశాక లేబుల్ కనపడదు, కాబట్టి ఎక్కించక ముందే ఫోనులో ఫోటో తీసుకోండి. అందులో మనకు కావలసినవి మూడే. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, షార్ట్ సర్క్యూట్ కరెంటు, ఆ ప్యానెల్ తట్టుకునే గరిష్ఠ సిరీస్ ఫ్యూజు రేటింగ్.

బావ వాళ్ల ప్యానెల్ 540 వాట్లది. దాని మీద 49.5 వోల్టులు, 13.85 ఆంపియర్లు, 25 ఆంపియర్లు అని ఉంది. ఆరు ప్యానెళ్లు ఒకదాని తర్వాత ఒకటి కలిపారు కాబట్టి వోల్టేజి ఆరింతలై 297 అవుతుంది, కరెంటు మాత్రం అదే 13.85. చలికి ప్యానెల్ వోల్టేజి పెరుగుతుంది. లేబుల్ మీది అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచింది. ఈ ప్యానెల్‌కు ఒక్కో డిగ్రీ తగ్గినప్పుడల్లా 0.27 శాతం పెరుగుతుందని డేటాషీటులో ఉంది. మన నెల్లూరు, ఒంగోలు వైపు గడ్డకట్టే చలి లేదు కాబట్టి సంక్రాంతి తెల్లవారుజాముకి 15 డిగ్రీలు అని లెక్క వేసుకుంటే చాలు. పది డిగ్రీల తేడాకు 2.7 శాతం, అంటే దాదాపు 305 వోల్టులు. ఈ వరుస మీద పెట్టే ప్రతి వస్తువూ ఇంతకు మించిన డీసీ వోల్టేజికి తయారైనదై ఉండాలి.

ఒకే వరుస ఉంటే ఫ్యూజు ఎందుకు దండగ

చాలామంది, కొంతమంది ఎలక్ట్రీషియన్లతో సహా, తడబడేది ఇక్కడే. ఇంట్లో గ్రిడ్ కరెంటు షార్ట్ అయితే వందల ఆంపియర్లు ఒక్కసారిగా దూసుకొస్తాయి, ఫ్యూజు ఎగిరిపోతుంది. అదే అలవాటుతో సోలార్ వైపూ ఫ్యూజు ఉంటే కాపాడుతుందని అనుకుంటాం.

ప్యానెల్ అలా పనిచేయదు. ఎండ ఎంత పడితే అంతే కరెంటు ఇస్తుంది. బావ వాళ్ల ప్యానెళ్లు మంచి ఎండలో మామూలుగా పనిచేసేటప్పుడు 13 ఆంపియర్లు ఇస్తాయి. ప్లస్, మైనస్ రెండూ కలిపి షార్ట్ చేసినా 13.85 ఇస్తాయి. తేడా ఒక ఆంపియర్ కూడా లేదు. 25 ఆంపియర్ల ఫ్యూజుకు ఇది షార్ట్ అని తెలిసే దారే లేదు.

పోనీ 15 ఆంపియర్ల ఫ్యూజు పెడితే? అదీ ఎగరదు. సోలార్ ఫ్యూజు ఖాయంగా తెగాలంటే దాని రేటింగ్‌కు 1.45 రెట్ల కరెంటు గంటసేపు పోవాలి. పదిహేనుకు ఆ లెక్కన 21.75 ఆంపియర్లు కావాలి. మన వరుస అంత ఇవ్వలేదు. పైగా 15 ఆంపియర్ల ఫ్యూజులో రోజూ నడిమధ్యాహ్నం 13 ఆంపియర్లు పోతుంటే, డబ్బా లోపల 60 డిగ్రీల వేడి ఉంటే, అది లోపల్లోపల అలసిపోయి ఏ కారణం లేకుండా ఒక రోజు తెగుతుంది. లేదా హోల్డర్‌లో ఫ్యూజు పట్టు వదులై అక్కడే వేడెక్కి ప్లాస్టిక్ మాడుతుంది. బావ డబ్బాలో గోధుమ రంగు అదే. కాపాడటానికి పెట్టిందే నిప్పుకు కారణమయ్యేలా ఉంది.

అందుకని ఒకే వరుస ఉంటే ఫ్యూజు అడగవద్దు. మీ ఇన్‌స్టాలర్ ఇచ్చే రెడీమేడ్ డబ్బాలో ఉంటే "ఇది దేనికి?" అని అడగండి. "అన్నిట్లోనూ వస్తుంది సార్" అన్నది జవాబు కాదు.

ఫ్యూజు ఎప్పుడు తప్పదు

ఇప్పుడు నెల్లూరు దగ్గర ఒక రైస్ మిల్లు కప్పు ఊహించుకోండి. అవే ప్యానెళ్లు, 14 చొప్పున మూడు వరుసలు, మూడింటినీ ఒక డబ్బాలో కలిపి ఇన్వర్టర్‌లో ఒకే ఇన్‌పుట్‌కు ఇచ్చారు. ఒక వరుసలో ఏదో ప్యానెల్ లోపల షార్ట్ అయి ఆ వరుస వోల్టేజి పడిపోయింది. మిగతా రెండు వరుసలూ తమ కరెంటును ఇన్వర్టర్‌కు బదులు ఆ బలహీనమైన వరుసలోకి వెనక్కి తోస్తాయి. రెండు 13.85లు కలిస్తే 27.7 ఆంపియర్లు. లేబుల్ మీద ప్యానెల్ తట్టుకునేది 25 అని ఉంది. అంటే చెడిన వరుసలోని ప్యానెళ్లు, వాటి వెనక వైర్లు కాలతాయి. ఇక్కడ ఫ్యూజు కావాలి.

రెండే వరుసలుంటే? ఒక వరుస చెడితే వెనక్కి వచ్చేది రెండో వరుస కరెంటు మాత్రమే, 13.85. అది 25కి లోపే. ఫ్యూజు అక్కర్లేదు. మూడు వరుసలు సమాంతరంగా కలిసినప్పటి నుంచే ఫ్యూజు లెక్కలోకి వస్తుందని గుర్తుంచుకోండి. ఈ రోజుల్లో వచ్చే ఇన్వర్టర్లలో చాలావాటికి ఒక్కో ఎంపీపీటీకి, అంటే ప్యానెళ్ల వరుసలను విడిగా అందుకునే ఒక్కో ఇన్‌పుట్‌కు, ఒకటి లేదా రెండు వరుసలే వస్తాయి. అందుకే ఇళ్ల మీద ఫ్యూజు అవసరం చాలా అరుదు. వేర్వేరు ఎంపీపీటీలకు వెళ్లే వరుసలను కలిపి లెక్కపెట్టకూడదు, ఒకే చోట కలిసేవే లెక్క.

మిల్లు ఫ్యూజు సైజు ఇలా తేలుస్తారు. షార్ట్ సర్క్యూట్ కరెంటుకు ఒకటిన్నర రెట్లు కంటే ఎక్కువుండాలి: 13.85కి ఒకటిన్నర రెట్లు 20.8. లేబుల్ మీది 25కి మించకూడదు. ఆ మధ్యలో దొరికేది 25 ఆంపియర్ల ఫ్యూజు. 14 ప్యానెళ్ల వరుస వోల్టేజి చలిలో 712 దాకా పోతుంది కాబట్టి 1000 వోల్టుల డీసీ ఫ్యూజు కావాలి. ఒంటి మీద "జీపీవీ" అనే అక్షరాలు ఉన్నదే తీసుకోండి, అది సోలార్ కోసం చేసినది. ప్రతి వరుసకూ ప్లస్‌లో ఒకటి, మైనస్‌లో ఒకటి పెట్టాలి. మన ఇన్వర్టర్లకు డీసీ వైపు ఏ వైరూ ఎర్త్‌కు కట్టి ఉండదు, తప్పు ఏ వైరులోనైనా రావచ్చు. వాటి చోటు మూడు వరుసలూ కలిసే ఆ డబ్బాలోనే, కలిసే చోటికి ముందు. కలిసిన తర్వాత ఒక పెద్ద ఫ్యూజు పెడితే చెడిన వరుసలోకి పోయే కరెంటు దాని గుండా పోదు, కాబట్టి అది చూస్తూ ఊరుకుంటుంది.

ఫ్యూజు హోల్డర్ స్విచ్ కాదు. తలుపులా తెరుచుకుంటుంది కాబట్టి కరెంటు ఆపే పరికరం అనిపిస్తుంది. కరెంటు పారుతుండగా దాన్ని లాగితే ఎర్రటి మంట వేళ్ల మీదకే వస్తుంది. మా పనివాళ్లలో ఒకబ్బాయి ఇలాగే చెయ్యి కాల్చుకున్నాడు. అప్పటి నుంచి నేను ప్రతి హోల్డర్ మీదా "లోడ్‌లో తీయరాదు" అని చీటీ అంటిస్తున్నాను.

ఐసోలేటర్: కరెంటును ఆపే అసలు స్విచ్

గ్రిడ్‌లోని ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది. స్విచ్ తెరిచినప్పుడు పుట్టిన మంట ఆ సున్నా దగ్గర తనంతట తనే ఆరిపోతుంది. డీసీకి సున్నా అంటూ లేదు. ప్యానెళ్ల మీద ఎండ ఉన్నంతసేపూ తోస్తూనే ఉంటుంది, మంట రెండు కాంటాక్టుల మధ్య వంతెనలా నిలబడిపోతుంది. 250 వోల్టుల దగ్గర 13 ఆంపియర్ల మంట అంటే చిన్న వెల్డింగ్ మిషన్ అనుకోండి. బావ డబ్బాలోని ఏసీ ఎంసీబీని మధ్యాహ్నం ఆపబాకు అన్నది ఇందుకే. పైకి మీట కిందికి దిగినట్టే కనపడుతుంది, లోపల కాలుతూ ఉంటుంది.

డీసీ ఐసోలేటర్‌లో స్ప్రింగ్ ఉంటుంది. మీరు నాబ్ ఎంత మెల్లగా తిప్పినా కాంటాక్టులు ఠక్కున, దూరంగా విడిపోతాయి. కొనేటప్పుడు దాని మీద "డీసీ-పీవీ2" అనే వర్గం రాసి ఉందా అని చూడండి, అంటే సోలార్ లోడ్ ఉండగా తెరవటానికి పరీక్షించినది అని. తర్వాత రేటింగ్ పట్టిక చదవండి, ఒక్క అంకె చూసి సరిపెట్టుకోవద్దు. ముందు వైపు పెద్దగా 32 ఆంపియర్లు అని రాసి ఉన్న ఐసోలేటర్ వోల్టేజి పెరిగే కొద్దీ తక్కువ కరెంటునే తెంపగలదు. మీ వరుస వోల్టేజి దగ్గర ఎంత అని ఉందో అదే దాని అసలు రేటింగ్. బావ ఇంటికి కరెంటు లెక్క 13.85కి 1.25 రెట్లు, అంటే 17.3 ఆంపియర్లు. 305 వోల్టుల పైన అంత తెంపగలిగేది, ప్లస్, మైనస్ రెండింటినీ ఒకేసారి విడదీసేది సరిపోతుంది. వేడికి కొంచెం ఎక్కువ ఉంటే మేలు కాబట్టి 25 ఆంపియర్ల రకం పెట్టాను.

ఐసోలేటర్ బదులు డీసీ ఎంసీబీ ఇస్తామంటే ఒప్పుకోవచ్చు, ఒక్క షరతు మీద. కొన్ని డీసీ ఎంసీబీలకు ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. వాటి లోపల అయస్కాంతం మంటను ఒక దిక్కుకే తోసి ఆర్పుతుంది. తిరగేసి కలిపితే అదే అయస్కాంతం మంటను తప్పు దిక్కుకు తోస్తుంది. మామూలు రోజుల్లో అంతా బాగానే కనపడుతుంది, ఆపిన రోజు కాలుతుంది. గుర్తులు లేని, ఏ దిక్కుకైనా పనిచేసే రకం అడగండి. అది దొరక్కపోతే కంపెనీ ఇచ్చిన బొమ్మ పక్కన పెట్టుకుని వైరింగ్ సరిచూడండి.

ఇక చోటు. ఐసోలేటర్ ఇన్వర్టర్ పక్కనే, నిలబడి చెయ్యి చాపితే అందేలా ఉండాలి. చాలా ఇన్వర్టర్లకు అడుగున డీసీ స్విచ్ వాళ్లే ఇస్తారు. అది ఉంటే రోజువారీ పనికి సరిపోతుంది. కానీ ఇన్వర్టర్ చెడి విప్పి పంపినప్పుడు ఆ స్విచ్ కూడా దాంతోపాటు పోతుంది, గోడ మీద వేలాడే వైర్లలో 300 వోల్టులు మిగులుతాయి. అందుకే బయట ఒకటి ఉండటం నాకిష్టం.

మిద్దె మీద ప్యానెళ్ల దగ్గర ఇంకో ఐసోలేటర్ పెట్టమని కొందరు పట్టుబడతారు. నేను పెట్టను. ఎండకూ వానకూ బయట ఉన్న ప్రతి డబ్బా నీళ్లు దూరడానికి ఇంకో దారి. ఆస్ట్రేలియాలో ఇళ్ల కప్పుల మీద డీసీ ఐసోలేటర్ తప్పనిసరి అన్న నిబంధన ఉండేది. నీళ్లు దూరి ఆ ఐసోలేటర్లే అంటుకున్న ఘటనలు చూశాక 2021 నాటి ప్రమాణంలో ఆ తప్పనిసరిని తీసేశారు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుఫాన్లు. మైపాడు, కొత్తపట్నం లాంటి ఊళ్లలో ఉప్పు గాలి. పైన పెట్టక తప్పని పరిస్థితి ఉంటే ప్యానెల్ నీడలో పెట్టండి, వైర్లు కింది వైపు నుంచే గ్లాండుల్లోంచి లోపలికి రావాలి, పై వైపు చిల్లు ఒక్కటి కూడా పొడవనివ్వకండి. కింది డబ్బాకూ ఇదే. పడమటి గోడ మీద పెడితే రోహిణి కార్తెలో లోపలి వేడి మాట చెప్పక్కర్లేదు, ఉత్తరపు గోడ వెతకండి.

పిడుగుల వల్ల ఒక్కసారిగా ఎగిసే వోల్టేజిని ఎర్త్‌లోకి మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్ గురించి ఒక్క మాట. డీసీది ఇన్వర్టర్ పక్క డబ్బాలో ఉండి, దాని ఎర్త్ వైరు పొట్టిగా, తిన్నగా ఉండాలి. ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్‌కు కేబుల్ పది మీటర్లు దాటితే పై చివర రెండోది పెట్టడం మంచిది.

ఏసీ వైపు లెక్క తిరగబడుతుంది

ఇన్వర్టర్ దాటాక అదే ప్రశ్న మళ్లీ వేసుకోండి. ఇన్వర్టర్ నుంచి మెయిన్ బోర్డుకు వెళ్లే కేబుల్ ఎక్కడో నలిగి షార్ట్ అయితే కరెంటు ఎటు నుంచి వస్తుంది? ఇన్వర్టర్ తన రేటింగ్‌కు కొంచెం పైన ఇచ్చి ఆగిపోతుంది. వందల ఆంపియర్లు వచ్చేది వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. అందుకే ఈ కేబుల్‌ను కాపాడే ఎంసీబీ కేబుల్‌కు గ్రిడ్ వైపు చివర, అంటే మెయిన్ బోర్డులో ఉండాలి. ఇన్వర్టర్ పక్కన ఏసీ డబ్బాలో ఒకటి ఉంటే అది మరమ్మతు చేసే మనిషికి పనికొస్తుంది, కేబుల్‌ను మాత్రం కాపాడదు. మిద్దె మెట్ల గదిలో ఇన్వర్టర్, కింద వరండాలో మీటరు ఉన్న ఇళ్లలో ఈ రెండోది ఒక్కటే పెట్టి, కింద నేరుగా కలిపేసినవి చాలా చూశాను. ఇరవై మీటర్ల కేబుల్‌కు తోడు ఎవరూ లేరన్నమాట.

మూడు కిలోవాట్లను 230తో భాగిస్తే 13 ఆంపియర్లు. మోటార్లు ఆడినప్పుడు వోల్టేజి 200కి పడే వీధులున్నాయి, అప్పుడు 15. దానికి 1.25 రెట్లు వేస్తే 18.75, కాబట్టి 20 ఆంపియర్ల రెండు పోల్ ఎంసీబీ, దానికి తగ్గ కేబుల్. ఇక్కడ మామూలు ఏసీ ఎంసీబీయే సరైనది. ఇది ఇన్వర్టర్‌కు ప్రత్యేకంగా ఉండాలి, ఉన్న ప్లగ్గుల సర్క్యూట్‌కు తగిలించకూడదు.

ఆపే వరస, తర్వాత చూసుకోవలసినవి

ఆపాలంటే ముందు ఏసీ ఎంసీబీ. గ్రిడ్ పోయిందని ఇన్వర్టర్ గమనించి తనంతట తానే పని మానేస్తుంది, డీసీ వైపు కరెంటు దాదాపు సున్నాకు దిగుతుంది. అప్పుడు డీసీ ఐసోలేటర్ తిప్పండి, లోపల మంట పుట్టే అవకాశమే ఉండదు. ఫ్యూజులుంటే వాటి హోల్డర్లు ఆ తర్వాతే. ప్యానెల్ వైర్లను ఒకదానికొకటి కలిపే ఎంసీ4 కనెక్టర్లు విప్పేది అన్నిటికంటే చివర. పొగ వాసన వస్తున్నప్పుడు మాత్రం ఈ డబ్బాల దగ్గర నిలబడొద్దు. అందుబాటులో ఉన్న ఏసీ ఎంసీబీని దించి దూరంగా వచ్చేయండి.

ఐసోలేటర్ ఆపినా దాని పై వైపు, ప్యానెళ్ల దాకా ఉన్న వైరులో పగలంతా వోల్టేజి ఉంటుంది. గ్రిడ్ పోయినా ఉంటుంది. ఆ వైపు పని ఏదైనా నేను పొద్దుగూకాకే పెట్టుకుంటాను.

ఆర్నెల్లకోసారి, ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి, ఎలక్ట్రీషియన్‌తో డబ్బా తెరిపించండి. నడిమధ్యాహ్నం కరెంటు పారుతుండగా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో, చెయ్యి తగలకుండా, ఒక్కో టెర్మినల్ వేడి చూడాలి. అన్నీ ఒకేలా వేడిగా ఉంటే పర్వాలేదు. ప్లస్ కంటే మైనస్ పది పదిహేను డిగ్రీలు ఎక్కువుంటే ఆ స్క్రూ వదులైనట్టే, లేదా వైరు సరిగా క్రింప్ కాలేదు. అడుగున నీటి మరక, రాగి మీద పచ్చటి చిలుము, ప్లాస్టిక్ రంగు మారడం కూడా చూడండి. కరెంటు కొలవడానికి డీసీ క్లాంప్ మీటరే తేవాలి, మామూలు ఏసీ క్లాంప్ 13 ఆంపియర్లు పోతున్నా సున్నా చూపిస్తుంది, దాన్ని నమ్మి వైరు విప్పినవాళ్లున్నారు. ఆ రాత్రికి, చీకటి పడ్డాక, ఐసోలేటర్ నాబ్‌ను నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ తిప్పండి. ఏళ్ల తరబడి కదలని కాంటాక్టుల మీద పట్టిన పొర వదులుతుంది.

బావ ఇంట్లో చివరికి మార్చింది కొంచెమే. ఫ్యూజులు, హోల్డర్లు తీసేశాం, ఏసీ ఎంసీబీ స్థానంలో ఐసోలేటర్ వచ్చింది, మెయిన్ బోర్డులో 20 ఆంపియర్ల ఎంసీబీ పెరిగింది. డబ్బా తలుపు మీద ఆపే వరస తెలుగులోనే రాశాను: "ముందు ఏసీ. తర్వాత డీసీ. పగలు పై వైరులో కరెంటు ఉంటుంది." మార్కర్‌తో రాస్తే రెండు ఎండాకాలాలకే వెలిసిపోతుంది, నేమ్‌ప్లేట్లు చేసే కొట్టులో చెక్కించి రివెట్లు కొట్టించాను. రివెట్లకు చిల్లులు తలుపు అంచు మీదే, సీలు బయటి వైపు పొడవాలి.